రాబర్ట్ వాడ్లో ప్రాణం తీసిన పొక్కు

ప్రశ్న: మాది టెక్కలి. చరిత్రలో అతి పొడవైనవాళ్లు ఎక్కువమంది చిన్న వయసులోనే ఎందుకు పోయారండీ?

వాళ్లలో చాలామందికి ఆ ఎత్తు వంశంలోంచి రాలేదండీ, జబ్బు వల్ల వచ్చింది. అమెరికాకు చెందిన రాబర్ట్ వాడ్లో 272 సెంటీమీటర్లు పెరిగి, 1940లో 22 ఏళ్లకే చనిపోయాడు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి గ్రోత్ హార్మోన్‌ను అతిగా వదలడంతో చివరిదాకా పెరుగుతూనే ఉన్నాడు. పాదాల్లో స్పర్శ బాగా తగ్గిపోయింది. నడవడానికి కాళ్లకు కట్టుకున్న ఆసరా పట్టీ చీలమండ దగ్గర ఒరుసుకుని పొక్కు లేస్తే వెంటనే తెలియలేదు. అది చీము పట్టి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి ఎక్కింది. పెన్సిలిన్ ఇంకా అందుబాటులోకి రాని రోజులవి, పాపం.

ఇలాంటి పుండు లేకపోయినా ఈ హార్మోన్ ఎక్కువైతే గుండె కండరాన్ని మందం చేస్తుంది, షుగర్, బీపీ తెస్తుంది.

మీవైపు ఏ పిల్లాడైనా ఈడు పిల్లల్ని మించి ఆగకుండా పెరుగుతూ, తలనొప్పి, పక్కచూపు మసక అంటుంటే విశాఖ కేజీహెచ్‌లో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ డాక్టరుకు చూపించండి. ముందు గ్రోత్ హార్మోన్ అతిగా ఉందేమో తెలిపే ఐజీఎఫ్-1 రక్తపరీక్ష, తర్వాత ఎమ్మారై చేస్తారు. పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉంటే ఇప్పుడు ముక్కులోంచే ఆపరేషన్ చేసి తీసేస్తున్నారు.