చర్మ రకాలకు రంగుల పేర్లు పెట్టవచ్చా?

సందేహం: చర్మ చికిత్స గురించిన ఒక కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ‘ఫిట్జ్‌పాట్రిక్ స్కిన్ టైప్ 4, 5, 6’ అని ఉన్నచోట వరుసగా చామనఛాయ, ముదురు చామనఛాయ, నలుపు అని రాయవచ్చా? ఆరో రకానికి ‘ఎండకు కందదు’ అంటే సరిపోతుందా?

సమాధానం: రంగుల పేర్లు పెట్టకండి. చామనఛాయ అనేది కంటికి కనబడే రంగు. నాలుగో రకం అనేది ఎండ తగిలాక చర్మం ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు. చామనఛాయ ఉన్న ఇద్దరిలో ఒకరు తేలిగ్గా కమిలిపోవచ్చు, మరొకరికి ఏమీ కాకపోవచ్చు.

ఈ తికమక తెలుగులో పుట్టింది కాదు, చర్మాన్ని రకాలుగా విడదీసిన ఈ పద్ధతిలోనే ఉంది. 1975లో అమెరికా చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ దీన్ని రూపొందించారు. అప్పట్లో సోరియాసిస్‌కు చర్మాన్ని కాంతికి సున్నితం చేసే సోరాలెన్ మాత్ర ఇచ్చి, ఆ తర్వాత అతినీలలోహిత కాంతి పెట్టేవారు. మొదటి మోతాదును జుట్టు, కళ్ల రంగు చూసి నిర్ణయిస్తే, నల్ల జుట్టు ఉన్న తెల్లవారిలో కొందరి ఒళ్లు కాలింది. అందుకే ఆయన చూడటం మాని అడగడం మొదలుపెట్టారు: వేసవి మొదట్లో మిట్టమధ్యాహ్నం ముప్పావుగంట నుంచి గంట ఎండలో ఉంటే మర్నాటికి ఎంత మంట ఉంటుంది, వారానికి ఎంత నల్లబడతారు అని. ఎప్పుడూ కమిలి అసలు నల్లబడనివారు మొదటి రకం, కమలడం తక్కువై బాగా నల్లబడేవారు నాలుగో రకం. ఈ నాలుగూ తెల్ల చర్మం కోసం చేసినవే. గోధుమవన్నె, నల్ల చర్మాల కోసం అయిదు, ఆరు తర్వాత చేర్చారు. అంటే మొదటి నాలుగు రకాలు రోగి చెప్పిన జవాబును బట్టి వచ్చాయి, చివరి రెండింటిలోకి రంగు చొరబడింది. కొలత ఒక్కటే అయినా కొలిచే తీరు మధ్యలో మారింది.

ఇక ‘కందు’ సంగతి. ముఖం కందిపోయిందంటే మనకు ముందు తోచేది ఎరుపు. ముదురు చర్మంలోనూ ఎండ దెబ్బకు రక్తనాళాలు ఉబ్బుతాయి కానీ పైనున్న మెలనిన్ అనే రంగు పదార్థం ఆ ఎరుపును కప్పేస్తుంది. దెబ్బ తగులుతుంది, రంగు బయటపడదు. అలాంటి చర్మంలో గుర్తులు వేరు: ముట్టుకుంటే వేడి, నీళ్లు పడితే చురుకు, చర్మం బిగుసుకున్నట్టుండటం, ఆ చోటు మరింత నల్లబడటం, కొన్ని రోజులకు పొట్టు లేవడం. ‘కమలు’ అన్న మాట వీటన్నిటినీ మోయగలదు. అది ఏ రంగునూ ముందే ఖాయం చేయదు.

ఈ తేడా ఎక్కడ పట్టి పల్లార్చుతుందో చూడండి. ముదురు గోధుమవన్నె చర్మమున్న ఒకరికి ఫారంలో ‘ఎండకు మీ చర్మం ఎర్రబడుతుందా?’ అన్న ప్రశ్న ఇచ్చారనుకోండి. లేదని రాస్తారు, అది నిజమే. దాంతో ఆరో రకంలో చేరిపోతారు. అదే మనిషిని ‘ఎండలో ఉన్న మర్నాడు మంట, నొప్పి, తర్వాత పొట్టు లేవడం ఎప్పుడైనా ఉన్నాయా?’ అని అడిగితే అవునంటారు, అప్పుడు నాలుగో రకానికి దగ్గరవుతారు. న్యారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతి చికిత్సలో వాడుకలో ఉన్న ఒక పట్టిక ప్రకారం ఆరంభ మోతాదు చదరపు సెంటీమీటరుకు నాలుగో రకానికి 330 మిల్లీజౌళ్లు, ఆరో రకానికి 400. ఒక్క క్రియాపదం మూలంగా మొదటి రోజే అయిదో వంతుకు పైగా ఎక్కువ కాంతి పడుతుంది. అనుమానం ఉన్నప్పుడు వైద్యులు ఎండ సోకని వీపు మీదో పిరుదు మీదో చిన్న చతురస్రాల్లో పెరిగే మోతాదులు ఇచ్చి, ఏ మోతాదుకు కమిలిందో 24 గంటలకు చూస్తారు. ముదురు చర్మంలో ఆ చూపు కూడా కష్టమే, మంచి వెలుతురు కావాలి.

కాబట్టి మీ కరపత్రంలో ‘నాలుగో రకం: కమలడం తక్కువ, బాగా నల్లబడుతుంది’ అని రాయండి. ఆరో రకానికి మూలంలో ఉన్నట్టే ‘కమలదు’ అని పెట్టి, పక్కనే ‘ఎరుపు కనబడకపోయినా మంట, బిగువు, పొట్టు ఉంటే కమిలినట్టే’ అని అనువాదకుల వివరణ ఇవ్వండి. మూలాన్ని మార్చినట్టూ కాదు, చదివేవారిని ఏమార్చినట్టూ కాదు. ‘తరగతి’, ‘స్థాయి’ అనకండి, అంకె పెరిగే కొద్దీ ఏదో ఎక్కువైన అర్థం వస్తుంది.

రంగే చెప్పాల్సి వచ్చినచోట, ఉదాహరణకు మచ్చ చుట్టూ ఉన్న చర్మాన్ని వర్ణించేటప్పుడు, రకం అంకె బదులు మామూలు రంగు మాటలే వాడండి. ఒంట్లో ఏ భాగమో కూడా చేర్చండి, ఎందుకంటే ముంజేతి పైభాగానికీ చంక దగ్గరి లోపలి చేతికీ ఒకే మనిషిలో రంగు తేడా ఉంటుంది. అంకెలతోనే చెప్పాలంటే 2022లో వచ్చిన మంక్ స్కేల్‌లో పది ఛాయలున్నాయి. అది రంగును మాత్రమే చెబుతుంది, ఎండ సంగతి దాన్ని అడగకూడదు.