ఐసిన్ వేరు, రిజిస్ట్రేషన్ నంబర్ వేరు

> "రిజిస్ట్రేషన్ నంబర్ కొడితే ట్రేడింగ్ ఫారమ్ తీసుకోవట్లేదండి. ఒకే కంపెనీకి రెండు ఐసిన్‌లు కూడా కనిపిస్తున్నాయి. ఏది సరైనది?"

రెండూ సరైనవే అయ్యుండొచ్చండి. ఐసిన్ అనే గుర్తింపు కోడ్ కంపెనీది కాదు, కంపెనీ జారీ చేసిన షేరు, బాండు లాంటి ఒక్కో సెక్యూరిటీది. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌నే చూడండి: ఓటు హక్కున్న క్లాస్ ఎ షేరుది `US02079K3059`, ఓటు లేని క్లాస్ సి షేరుది `US02079K1079`. కంపెనీ ఒక్కటే. బాండ్లు జారీ చేస్తే వాటికీ విడివిడిగా ఉంటాయి.

రిజిస్ట్రేషన్ నంబర్ మాత్రం కంపెనీ పుట్టినప్పుడు రిజిస్ట్రీ ఇచ్చేది. షేర్లు మార్కెట్లో లేకపోయినా అది ఉంటుంది.

గుర్తుపట్టడం తేలికే. ఐసిన్‌లో అక్షరాలు, అంకెలు కలిపి సరిగ్గా 12 ఉంటాయి: ముందు రెండు అక్షరాల దేశం కోడ్, మధ్యలో తొమ్మిది, చివర ఒక తనిఖీ అంకె. ఒక్క అంకె తప్పు కొట్టినా ఆ తనిఖీలో దొరికిపోతుంది. రిజిస్ట్రేషన్ నంబర్‌కు ఈ అమరిక ఉండదు, అందుకే మీ ఫారమ్ దాన్ని తిప్పికొట్టింది. మీరు కొనే షేరు ఏ క్లాసో చూసుకుని, దాని ఐసిన్ కొట్టండి.