మిగులు అంటే మిగిలిందేనా?

"అయ్యా, ఆర్థికశాస్త్రం పుస్తకంలో 'వినియోగదారుని మిగులు' అని చదివాను. సరుకు కొని డబ్బు ఇచ్చేశాక కొన్నవాడికి ఇంకేం మిగులుతుంది? మా సార్ దాన్ని 'లాభం' అనుకోమన్నారు. ఇంకో పుస్తకంలో 'డిమాండు రేఖ కింది ప్రాంతమే మిగులు' అని ఉంది. ఈ మాటల్లో ఏది సరైనది?"
– ఒక డిగ్రీ విద్యార్థిని

అమ్మా, మీకు అడ్డు తగిలింది లెక్క కాదు, మాటే. 'మిగులు' అనగానే ఇప్పుడు మనకు తోచేది ఒక్కటే: వాడుకోగా అడుగున ఉండిపోయింది. ఆ క్రియకు ఇంకో అర్థం ఉంది, నిజానికి అదే పెద్దది. మిగులు అంటే మించు, ఎక్కువగు. పాత వచనంలో 'మిగుల సంతోషించెను' అని ఉంటే సంతోషం కాస్త మిగిలిపోయిందని ఎవరూ అనుకోరు, చాలా సంతోషించాడనే చదువుకుంటారు. మిక్కిలి, మిక్కుటం, మించు అన్నీ ఈ కుటుంబంలోవే. కన్నడంలో 'మిగిలు' అంటే మించినది, 'మిక్క' అంటే తక్కినది. తమిళంలో 'మిగ' అంటే చాలా, 'మిచ్చం' అంటే శేషం. ద్రావిడ భాషల్లో ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే నడిచాయి. కారణం తేలికే. కొలపాత్ర నిండాక పైకి పొర్లిందాన్ని పాత్ర వైపు నుంచి చూస్తే మించినది, కొలిచేవాడి వైపు నుంచి చూస్తే మిగిలినది. ఇంగ్లీషు 'సర్‌ప్లస్' లోని 'సర్' కూడా లాటిన్ 'సూపర్' నుంచి వచ్చిందే, అంటే 'పైన'. ఆ మాటకు 'మిగులు' కంటే దగ్గరి తెలుగు నాకు కనిపించదు. మిగులు బడ్జెట్, మిగులు నిల్వ అనేవి వేరే వాడుకలు, వాటిని దీంతో కలపకండి.

ఇప్పుడు 'మించు' అనే అర్థాన్ని పట్టుకుని లెక్కలోకి రండి. ఒక సరుకుకు డిమాండు రేఖ p = 100 − q², సప్లై రేఖ p = 28 + 6q అనుకుందాం. ఇక్కడ p ధర, q పరిమాణం. రెండూ కలిసేచోట 100 − q² = 28 + 6q, అంటే q² + 6q − 72 = 0. దీనికి q = 6 ఒక్కటే పనికొచ్చే జవాబు, అప్పుడు ధర 64. అందరూ ఇచ్చేది ఆ 64 మాత్రమే. కానీ q = 2 దగ్గర నిలబడి చూడండి. ఆ కాస్త సరుకు కోసం కొనేవాడు 96 దాకా ఇవ్వడానికి సిద్ధం. ఇచ్చింది 64. అతని సిద్ధపాటు ధరను 32 మేర మించింది. q = 5 దగ్గర ఇది 75 − 64, అంటే 11. q = 6 దగ్గర సున్నా. ఇలా ప్రతి సన్నని ముక్క దగ్గరా ఉన్న 'మించు'లను కూడితే వచ్చేదే మొత్తం మిగులు. జేబులో వెతికితే అది కనిపించదు.

ఆ కూడికకే సమాకలనం అని పేరు. సంకలనం కూడిక, వ్యవకలనం తీసివేత. అదే 'కలనం' ఇందులోనూ ఉంది. ఆ మాటలోనే లెక్కింపు ఉంది కనుక భయపడక్కర్లేదు.

```
CS = ∫₀⁶ (100 − q²) dq − 64·6 = 528 − 384 = 144
PS = 64·6 − ∫₀⁶ (28 + 6q) dq = 384 − 276 = 108
```

మొదటి వరుస కొనేవారి మిగులు: డిమాండు రేఖకు కింద, ధర గీతకు పైన ఉన్నది. రెండోది అమ్మేవారి మిగులు: ధర గీతకు కింద, సప్లై రేఖకు పైన ఉన్నది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 100 − 64 అన్నా, 64 − 28 అన్నా 36 వస్తుంది, కాబట్టి రెండు చోట్లా ½·6·36 వేసి 108, 108 అని రాసేస్తారు. సప్లై సరళరేఖ కనుక అక్కడ త్రిభుజ సూత్రం సరిపోయింది. డిమాండు రేఖ మాత్రం పైకి ఉబ్బి ఉంది, త్రిభుజం దాటి 36 బయట ఉండిపోయింది. ఇంకొందరు 384 తీసేయడం మరిచి 528 దగ్గరే ఆగిపోతారు. అది కొనేవారు ఇవ్వడానికి సిద్ధపడ్డ మొత్తం, మించిన భాగం కాదు. జవాబు సరిచూసుకోవాలంటే బొమ్మను పక్కకు తిప్పి ధర వెంబడి కూడండి: q = √(100 − p) ను 64 నుంచి 100 దాకా సమాకలనం చేస్తే మళ్లీ 144 రావాలి. రాకపోతే హద్దుల దగ్గర తప్పు చేశారన్నమాట.

ఇక 'రేఖ కింది ప్రాంతం'. ఈ మాట చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ప్రాంతం అంటే చోటు, దాన్ని చూపించగలం గానీ దానితో లెక్క చేయలేం. కొలతకు తెలుగులో వైశాల్యం అని చక్కని మాట ఉంది, బడిలోనే నేర్చుకున్నాం. ఇంగ్లీషులో రెండింటికీ 'ఏరియా' అనే ఒకటే మాట కావడంతో అనువాదకుడు నిఘంటువులో మొదట కనబడ్డ అర్థం వేసి చేతులు దులుపుకున్నాడు. పైగా 'రేఖ కింది' అని వదిలేస్తే 528 అనుకునే ప్రమాదం ఎలాగూ ఉంది. 'రేఖకూ ధర గీతకూ మధ్య వైశాల్యం' అనాలి. ఈ వైశాల్యం చదరపు అడుగుల్లో రాదు. నిలువు కొలత ధర, అడ్డం కొలత పరిమాణం, రెండూ గుణిస్తే వచ్చేది డబ్బు.

మీ సార్ చెప్పిన 'లాభం' కొనేవారి విషయంలో మామూలు మాటగా చెల్లుతుంది. అమ్మేవారి దగ్గర మాత్రం వద్దు. సప్లై రేఖ కింద పడే 276 సరుకు పెరిగేకొద్దీ పెరిగే ఖర్చే. అద్దెలాంటి స్థిర ఖర్చు అందులో లేదు. అది 120 ఉందనుకోండి, అమ్మేవారి మిగులు 108 అలాగే ఉంటుంది, చేతికి మాత్రం 12 నష్టం వస్తుంది. మిగులు ఉండి కూడా నష్టం రావచ్చు కనుక ఈ రెండు మాటలను కలపడం తప్పే.

మాట దగ్గర తడబడింది మనమొక్కరమే కాదు. ఆర్థికశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో అచ్చయిన తన గ్రంథం తొలి కూర్పులో దీన్ని 'కన్స్యూమర్స్ రెంట్' అన్నాడు, తర్వాతి కూర్పుల్లో 'సర్‌ప్లస్'కు మారాడు. ఒకే మొత్తం డబ్బు ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే బరువు కాదని కూడా ఆయనకు తెలుసు. అందుకే ఈ 144ను అందరి తృప్తికీ కచ్చితమైన కొలత అనకూడదు.

కాబట్టి 'మిగులు' ఉంచుకోండి, మార్చక్కర్లేదు. 'వినియోగదారుని' అనే ఏకవచనం దగ్గర మాత్రం నాకు కొంత సందేహం ఉంది. పైన మనం వాడింది మార్కెట్ మొత్తానికి గీసిన రేఖ, అక్కడ 'వినియోగదారుల మిగులు' అంటేనే బాగుంటుంది. ఒక్కరి డిమాండు రేఖే గీస్తే ఏకవచనం తప్పు కాదు. పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయండి.