ఫోటోలో మీరు తీసింది ఎంత, ఏఐ కలిపింది ఎంత?

పత్రికకు రాసేవాళ్లకూ, ఫోటోలు పంపేవాళ్లకూ,

తిరుపతి నుంచి మీ సంపాదకుడు రాస్తున్నాను. ఏఐతో చేయించిన బొమ్మల గురించి రేపటి సంచిక నుంచి కొన్ని పద్ధతులు పెట్టుకుంటున్నాం. మొత్తం ఏఐ బొమ్మే అయితే నాకు పెద్ద బెంగలేదు. ఆ సంగతి పంపినవాళ్లు దాచరు. తలనొప్పంతా నిజం ఫోటోలో కొంత భాగం ఏఐ నింపినప్పుడే. పంపినవాళ్లకు కూడా అది 'కొంచెం సరిచేసిన ఫోటో' అనే అనిపిస్తుంది.

ఈమధ్య శ్రీకాళహస్తి కలంకారీ మీద ఒక మంచి వ్యాసం వచ్చింది. దాంతోపాటు వచ్చిన ఫోటోలో పనివాడి చెయ్యి, కింద పరిచిన గుడ్డ, వేళ్ల మధ్య కలం ఉన్నాయి. కలమంటే మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన చుట్టిన గుడ్డ రంగు పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. ఫోటో నిలువుగా తీసింది. రెండు పేజీల మీద పరవడానికి చాలదని పంపినావిడ కుడివైపు ఏఐతో పెంచారు. పెరిగిన భాగంలో చెక్కిన కొయ్య అచ్చులు నాలుగు వచ్చి కూర్చున్నాయి. అచ్చులతో అద్దేది మచిలీపట్నం దగ్గరి పెడన కలంకారీ. కాళహస్తిది చేత్తో గీసేది. అలాగే అచ్చేసి ఉంటే వ్యాసం ఒకటి చెప్పేది, ఫోటో ఇంకొకటి చెప్పేది. ఆ ఊరివాళ్లు మనల్ని ఊరికే వదులుతారా?

పట్టుకున్నది అచ్చుల వల్లే కాదు. గుడ్డ మీది పువ్వులు చూడండి. ఎడమవైపు ఒక పువ్వు రేక లావు, పక్కదాని రేక సన్నం, చేత్తో గీస్తే అలాగే వస్తుంది. పెంచిన వైపు అన్నీ ఒకే కొలత. అనుమానమొచ్చి అసలు ఫోటో అడిగాం. రెండూ పక్కపక్కన పెట్టేసరికి ఏఐ పెంచిన భాగం ఎక్కడ మొదలైందో తేలిపోయింది. చివరికి నిలువు ఫోటోనే ఒక పేజీలో వేశాం.

కాబట్టి ఇకమీద మొదటి పద్ధతి: ఏ ఫోటోకైనా ఫోన్‌లోంచో కెమెరాలోంచో వచ్చిన అసలు ఫైలు కూడా పంపండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి. మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఫైలు లోపల ఉండే వివరాలూ పోతాయి. కొన్ని ఏఐ సాధనాలు ఆ వివరాల్లో గుర్తు రాస్తాయి. మా డెస్కులో ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాంతో ఇలా చూస్తాం:

```
exiftool -DigitalSourceType photo.jpg
```

పూర్తిగా ఏఐ బొమ్మకు `trainedAlgorithmicMedia` అనీ, ఫోటోలో కొంత ఏఐ కలిస్తే `compositeWithTrainedAlgorithmicMedia` అనీ ఉంటుంది. అయితే అది లేనంత మాత్రాన ఏఐ లేదనుకోకూడదు. ఒక్క స్క్రీన్‌షాట్ తీస్తే ఆ గుర్తు మాయం. అందుకే మేం నమ్ముకునేది అసలు ఫైలునూ, మీ మాటనూ.

ఇక ఏది చెప్పాలి, ఏది చెప్పనక్కర్లేదు? వెలుగు పెంచడం, అంచులు కత్తిరించడం, రంగు సరిచేయడం చెప్పనక్కర్లేదు. ఫోటోలో లేనిది వచ్చినా, ఉన్నది పోయినా చెప్పాలి. గంగమ్మ జాతరలో వేషం కట్టిన మనిషి వెనక ఫ్లెక్సీ అడ్డమొచ్చిందని చెరిపేస్తే, అక్కడ ఏఐ ఏదో ఒక జనాన్ని నింపుతుంది. ఆ జనం ఆ రోజు అక్కడ లేరు. అలాంటిది జాతర ఫోటోగా వేయం. ఫ్లెక్సీ ఉంటే ఉండనివ్వండి, తిరుపతిలో ఫ్లెక్సీ లేని వీధి చూపిస్తేనే అనుమానపడాలి!

పాత ఫోటోల దగ్గర మరీ జాగ్రత్త. మసకబారిన తాతగారి ముఖాన్ని 'స్పష్టం' చేయిస్తే, ఆ సాధనం పోయిన వివరాన్ని వెతికి తేదు, ఊహించి కొత్తది గీస్తుంది. కళ్లు, మూతి వేరే మనిషివి అయిపోవచ్చు. చిరుగు, మరకలతోనే స్కాన్ చేసి పంపండి. చూడ్డానికి బాగోకపోయినా అదే వేస్తాం.

కథలకూ కవితలకూ ఏఐ బొమ్మ పంపొచ్చు. బొమ్మ కిందే, ఫోటో వివరాలు వేసే అక్షరాల సైజులోనే, 'ఏఐతో చేయించిన బొమ్మ' అని పడుతుంది. చివరి పేజీలో ఒక మూల వేయడం కుదరదు. 'చిత్రం: ఫలానా' అని మీ పేరు కూడా వేయం, అది చేత్తో గీసినవాళ్లకు ఇచ్చే చోటు. ఏ సాధనం వాడారో, ఏమని అడిగారో మెయిల్లో రెండు ముక్కలు రాయండి. అవి అచ్చులోకి రావు, పాఠకులెవరైనా అడిగితే జవాబు చెప్పడానికి మాకు కావాలి.

వార్త, చేతిపని, గుడి, మనుషుల ముఖాలు, ఈ నాలుగింటికీ ఏఐ కలిసిన బొమ్మ వద్దు, చెప్పి పంపినా వద్దు. ఫోటో దొరక్కపోతే బొమ్మ లేకుండానే వ్యాసం వేద్దాం.

ముందే చెప్పినవాళ్లను ఎవరూ ఏమీ అనరు. అచ్చయ్యాక తెలిస్తే మాత్రం తర్వాతి సంచికలో సవరణ వేస్తాం, ఏ ఫోటోలో ఏ భాగమో రాసి మరీ. ఇప్పటికే పంపి, ఇంకా అచ్చుకు వెళ్లని ఫోటోలున్నవాళ్లు అసలు ఫైళ్లు ఈ వారంలోనే డెస్కుకు చేర్చండి.

మీ
సంపాదకుడు, తిరుపతి