రెండో మెసేజ్ పాత డ్రాఫ్టా, మార్చిన రేటా?

"10:42కి మిర్చి సేటు గారు 'తేజ 40 టిక్కీలు, క్వింటా 14,500, రేపు పొద్దున్నే లోడు' అని పెట్టారు. 11:15కి 'తేజ 40 టిక్కీలు, క్వింటా 14,200, రేపు పొ' అని వచ్చింది. రేటు తగ్గించారా? ఏది నమ్మాలి?"

నమ్మాల్సింది మొదటిదేనండి, కానీ ఫోన్ చేసి అడిగాకే లోడు ఎత్తించండి.

రెండోది 'పొ' దగ్గర ఆగిపోయింది చూడండి. రేటు మార్చాలనుకున్న మనిషి మామూలుగా కొత్త అంకె ఒక్కటే రాస్తాడు, లేదా పాత మెసేజ్‌నే సరిదిద్దుతాడు. అలా సరిదిద్దితే దాని పక్కన Edited అని కనబడుతుంది. ఇక్కడ ఆ గుర్తు లేదు, విడి మెసేజ్‌గా వచ్చింది. అంటే ఆయన ముందు 14,200 టైపు చేసి, తర్వాత 14,500గా దిద్ది పంపి ఉంటారు. పంపగానే టైపు చేసే పెట్టె ఖాళీ అవ్వాలి. ఆ ఖాళీ అయిన సంగతి ఫోన్‌లో సేవ్ అయ్యేలోపే యాప్ మూసుకుపోతే, పాత సగం రాత మళ్లీ పెట్టెలోకి వస్తుంది. చూసుకోకుండా వేలు తగిలితే అదే వెళ్లిపోతుంది.

సిగ్నల్ లేక యాప్ తనంతట తానే మళ్లీ పంపిన మెసేజ్ ఇలా ఉండదు, అక్షరం పొల్లుపోకుండా మొదటిదానిలాగే ఉంటుంది.

ఒక్క చిక్కు ఉంది. పాత డ్రాఫ్ట్ పూర్తి వాక్యమైతే, రాత చూసి తేల్చడం కుదరదు. అందుకే ఫోన్‌లో "రేటు ఎంతండీ?" అని అడగండి, "14,200యేనా?" అని అందించకండి. తర్వాత రెండోదాన్ని అందరికీ డిలీట్ చేయించి, రేటు కొత్తగా రాయించుకోండి. ఆయన కంప్యూటర్‌లో కూడా అదే యాప్ తెరిచి ఉంటే, అక్కడి పెట్టె కూడా ఖాళీ చేయమనండి.