బెయిలు వచ్చినా బయటికి రాలేని మనిషి

ప్రశ్న: క్రిమినాలజీ కోర్సులో జైలు సందర్శన తర్వాత రిఫ్లెక్టివ్ జర్నల్ రాయమన్నారు. వెళ్లొచ్చినవాళ్లు దేని గురించి రాశారు?

బెయిలు మంజూరైనా లోపలే ఉండిపోయిన ఒక యువకుడి గురించి రాశాను. హైదరాబాద్‌లోని ఒక కేంద్ర కారాగారంలో మాకు ముందుగా బేకరీ, మగ్గాలు, గ్రంథాలయం చూపించారు. మా తరగతిలో చాలామంది జర్నళ్లు వాటితోనే నిండిపోవడం నాకు నేటికీ బాధగా ఉంది. ఎందుకంటే 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీలలో దాదాపు 76 శాతం మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే.

ఆ యువకుణ్ణి న్యాయ సహాయ కేంద్రంలో కలిశాను. పాలమూరు నుంచి వచ్చి తాపీ పని చేసుకునేవాడు, సెల్‌ఫోన్ దొంగతనం కేసు. నాలుగు మడతలు పెట్టిన బెయిలు ఉత్తర్వు జిరాక్సు నా చేతికిచ్చాడు. పదివేల రూపాయల సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు అని అందులో ఉంది. "పదివేలు కట్టాలేమో అనుకుని మా అమ్మ పుస్తెలు కుదువబెట్టి కోర్టుకు తెచ్చింది మేడమ్. పైసలు కాదు, మనుషులను తెమ్మన్నరట" అన్నాడు. ఆ మనుషులు స్థానికులై ఉండాలి, తమ పేరు మీద ఇంటిపన్ను రసీదో మరో ఆస్తి కాగితమో చూపాలి. అతనికి ఈ నగరంలో తెలిసినవాళ్లంతా సైటు పక్కన రేకుల షెడ్లలో ఉంటారు, మేస్త్రీది కూడా అద్దె ఇల్లే.

దీనికి మందు లేక కాదు. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలనీ, నెలలోగా పూచీకత్తు సమర్పించలేకపోతే షరతులు సడలించే విషయాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చనీ, స్థానిక జామీనే కావాలన్న పట్టు విడుదలకు అడ్డమవుతున్న చోట ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చనీ సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. అంతకుముందే, 1978లో, మోతీరామ్ కేసులోనూ నిందితుడు తాపీ మేస్త్రీయే. అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు జామీను నిరాకరించగా జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుపట్టారు. ఇన్నేళ్ల తర్వాత మరో తాపీ మేస్త్రీ అదే చోట ఆగిపోయాడంటే, జైళ్ల రద్దీకి కొత్త బ్యారక్‌లు కట్టడం కన్నా జామీను పద్ధతి మార్చడమే ముందు జరగాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అయితే షరతు సడలినా అందరూ బయటికి రారు. మరో కేసులో రిమాండ్ ఉంటే, ఒక కేసులో వచ్చిన బెయిలు విడుదలకు చాలదు. అందుకే మీరు వెళ్లినప్పుడు బెయిలు వచ్చిన తేదీ, విడుదలైన తేదీ, పెండింగ్ కేసులు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి అడగండి. ఇతర కేసులేవీ లేకుండా ఏడు రోజులు దాటినవాళ్లు ఎందరో, వాళ్ల గురించి న్యాయ సేవాధికార సంస్థకు ఉత్తరం వెళ్లిందో లేదో అధికారుల దగ్గరే తెలుసుకోండి.