ప్రకటన కనిపించేనాటికే ఆ ఖాళీ వయసు నెలన్నర

ప్రశ్న: మాది చాలా పెద్ద కంపెనీ. వేరే విభాగాల్లో ఖాళీలు, కొత్త ప్రాజెక్టులు వస్తున్నాయన్న సంగతి నాకు ఎప్పుడూ ఆఖరునే తెలుస్తుంది. కొందరికి మాత్రం ముందే తెలుస్తోంది. వాళ్లు ఎవరితో పరిచయాలు పెంచుకుంటున్నారు?

పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లతో మాత్రం కాదు. ఆ పొరపాటు నేను మూడేళ్లు చేశాను. డైరెక్టర్ల సమావేశాల్లో ముందు వరుసలో కూర్చున్నాను, ప్రశ్నలు అడిగాను, తర్వాత మెయిళ్లు రాశాను. అందరూ మర్యాదగా జవాబిచ్చారు. ఒక్క ఖాళీ గురించి కూడా ఒక్క రోజు ముందు తెలియలేదు.

ఖాళీ ఎలా పుడుతుందో చూస్తే కారణం అర్థమవుతుంది. ఎవరో రాజీనామా ఇస్తారు. ఆ స్థానం భర్తీ చేయాలని మేనేజర్ అభ్యర్థన పెడతారు. ఆ జీతానికి బడ్జెట్ మిగిలి ఉందో లేదో ఆర్థిక విభాగం చూస్తుంది. పోస్టు ఏ స్థాయిలో ఉండాలో హెచ్‌ఆర్ తేలుస్తుంది. ఇవన్నీ అయ్యాకే ఇంట్రానెట్‌లో ప్రకటన వస్తుంది. నేను చూసినంతలో దీనికి నెల నుంచి రెండు నెలలు పడుతుంది. ఈలోగా ఆ మేనేజర్ ముగ్గురి పనిని ఇద్దరితో నెట్టుకొస్తుంటారు. పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని తనకు తెలిసినవాళ్లను అడుగుతూనే ఉంటారు. ప్రకటన వచ్చేసరికి ఆయన మనసులో ఒక పేరు ఉండటం సహజం. దాన్ని నేను మోసం అనను.

మరి ఈ నెలన్నరలో ఆ సంగతి ఎవరి కంట పడుతుంది? కాగితం ఎవరి చేతుల మీదుగా వెళుతుందో వాళ్ల కంట. బడ్జెట్ లెక్కలు కట్టేవారు, కొత్త సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు ఆర్డరు పెట్టే కొనుగోళ్ల విభాగంవారు, సిస్టమ్ అనుమతులు ఇచ్చేవారు, ప్రాజెక్టుల షెడ్యూలు తయారుచేసేవారు. వీళ్లను పని ఉంటే తప్ప ఎవరూ పలకరించరు. అది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

నా సంగతే చెబుతాను. నేను కస్టమర్ సేవల విభాగంలో నెలవారీ నివేదికలు తయారుచేసేవాడిని. ఒక ఫైలు ఆర్థిక విభాగానికి వెళ్లేది. ప్రతి నెలా మూడో పనిదినాన అక్కడి నుంచి ఒకావిడ మెయిల్ పంపేవారు: "కోడ్‌లు సరిపోలడం లేదు, సరిచూడండి." నేను ఆవిడ ఎత్తిచూపిన నాలుగైదు వరుసలు సరిదిద్ది తిరిగి పంపేసేవాడిని. ఏడాదిపాటు ఇదే తంతు. ఒక నెల ఎందుకో మెయిల్ రాయకుండా లేచి ఆవిడ సీటు దగ్గరికి వెళ్లాను.

"మీ ఫైలు తెరిచాక నాకు రెండు గంటలు పోతాయండీ," అన్నారావిడ, కోపమేమీ లేకుండా. తెర మీద చూపించారు. రెండేళ్ల కిందట రెండు విభాగాలను ఒకటి చేసినప్పుడు ఖర్చుల కోడ్‌లు మారాయట. నా ఫైలులో ఇంకా పాతవే ఉన్నాయి. నాకు చెప్పినవి కాక మిగిలిన దాదాపు రెండు వందల వరుసలను ఆవిడ ప్రతి నెలా చేత్తో దిద్దుకుంటున్నారు. సిగ్గుపడ్డాను. ఆ సాయంత్రమే పాత కోడ్‌కు ఏ కొత్త కోడో చూపే చిన్న పట్టిక ఒకటి తయారుచేసి నా ఫైలుకు జోడించాను. మరుసటి నెల మెయిల్ రాలేదు. నేనే ఫోను చేసి సరిపోయిందా అని అడిగాను. అప్పటి నుంచి నెలకొకసారి పది నిమిషాలు మాట్లాడుకునేవాళ్లం, అంతే.

ఇంత పలుచని పరిచయంతో ఏమవుతుందని మీరు అనుకోవచ్చు. 1973లో వెలువడిన ఒక అధ్యయనం కోసం మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, పరిచయాల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ కబురు చెప్పినవారిని ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచుగా కలిసేవాళ్లమన్నది ఆరుగురిలో ఒకరు మాత్రమే. సగానికి పైగా అప్పుడప్పుడు, మిగిలినవాళ్లు ఎప్పుడో అరుదుగా కలిసేవారట. ఆయన చూసింది కంపెనీలు మారినవాళ్లను. కానీ విభాగాల మధ్య కూడా ఇదే జరుగుతుందని నా గట్టి నమ్మకం. మీ పక్క సీటువారికి తెలిసినవి మీకూ తెలుసు. కొత్త కబురు దూరం నుంచే రావాలి.

బడ్జెట్ల కాలంలో ఒకరోజు ఆవిడ అన్నారు: "గిడ్డంగుల విభాగంవాళ్లు కూడా నివేదికలు చేత్తోనే చేస్తూ అవస్థపడుతున్నారు. మీ పట్టికలాంటిది వాళ్లకు పనికొస్తుందేమో, ఒకసారి మాట్లాడండి." ఖాళీ గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు, చెప్పకూడదు కూడా. బడ్జెట్ అంకెలు గోప్యం. అందుకే అలాంటివారిని "ఏవైనా పోస్టులు వస్తున్నాయా" అని ఎప్పుడూ అడగకండి. అడిగితే వాళ్లను ఇబ్బందిలో పెట్టినట్టు, ఆ తర్వాత మీ ఫోను ఎత్తరు. పని ఎక్కడ ఆగిపోతోందని అడగండి. అది రహస్యం కాదు. పని ఎక్కడ పేరుకుపోతుందో, ఎక్కువసార్లు పోస్టు అక్కడే వస్తుంది.

గిడ్డంగుల మేనేజర్‌ను కలిశాను. వారానికి రెండు గంటల చొప్పున ఆరు వారాలు సాయం చేస్తానన్నాను. ఆ ఆరు వారాల్లో ఏ లెక్క ఎక్కడి నుంచి వస్తుందో, ఏది ఎందుకు తప్పుతుందో రెండు పేజీల్లో రాసి ఇచ్చాను. మూడు నెలల తర్వాత ఇంట్రానెట్‌లో ప్రకటన వచ్చింది, గడువు ఏడు రోజులు. అర్హతల్లో సగం వాక్యాలు నేను రాసిన ఆ రెండు పేజీల్లోవే. ఉద్యోగం నాకు వచ్చింది.

అయితే ఇందులో ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. ఆ రెండు గంటల సంగతి మా మేనేజర్‌కు చెప్పలేదు. నా పని ఆగడం లేదు కదా అనుకున్నాను. నాలుగో వారంలో ఒక సమావేశంలో గిడ్డంగుల మేనేజర్ ఆయనకు కృతజ్ఞతలు చెప్పారు. "మీ మనిషిని పంపినందుకు" అని. పంపినట్టు తెలియని మనిషి ఆ మాట వింటే ఎలా ఉంటుంది? ఆ తర్వాత నన్ను వదలడానికి ఆయన మూడు నెలలు పట్టారు, నియమాల్లో అంత గడువు ఉంది కాబట్టి. ఏ విభాగానికి, ఎన్ని గంటలు, ఎన్ని వారాలు అనే మూడు ముక్కలు మొదటి రోజే మెయిల్‌లో రాసి ఉంటే సరిపోయేది. ఏడాది నిండకుండా వేరే విభాగానికి వెళ్లనివ్వని కంపెనీలూ ఉన్నాయి. పరిచయాలు మొదలుపెట్టే ముందే మీ కంపెనీ నియమం చూసుకోండి.

పరిచయాల పెంపు కోసమని కంపెనీలు పెట్టే కార్యక్రమాల మీద నాకు ఏ నమ్మకమూ లేదు. ఛాతీ మీద పేరు అంటించుకుని రెండేసి నిమిషాలు మాట్లాడటం వల్ల ఎవరి పని ఏమిటో తెలియదు. "పదిహేను నిమిషాలు పరిచయం చేసుకుందామా" అంటూ ఏ విషయమూ లేకుండా వచ్చే మెయిళ్లూ అంతే. ఇప్పుడు నాకూ వారానికి రెండు వస్తున్నాయి. నా నివేదికలో తప్పు చూపిస్తూ ఎవరైనా రాస్తే మాత్రం అదే రోజు ఫోను చేస్తాను.

మీరు ఏ విభాగమో చెప్పలేదు. మీ చేతి నుంచి ప్రతి నెలా బయటికి వెళ్లే ఫైలు గానీ అభ్యర్థన గానీ ఏమిటి? దాన్ని అవతల తెరిచే మనిషి ఎవరో కనుక్కుని, తెరిచాక దానితో ఏం చేస్తున్నారో వాళ్ల పక్కన కూర్చుని ఒక్కసారి చూడండి. ఏం కనబడిందో ఇక్కడే రాస్తే, ఆ తర్వాత ఎవరిని కలవాలో నాకు తోచింది చెబుతాను.